సున్నపురాయి చుట్టూ మూడు పీరియడ్లు

పదో తరగతి సైన్సు పుస్తకంలో మొదటి పాఠం పేరు రసాయన చర్యలు, సమీకరణాలు. ఆంధ్రప్రదేశ్ బడుల్లో ఇప్పుడు చదువుతున్నది ఎన్‌సీఈఆర్‌టీ పాఠమే. ఆ ఒక్క పాఠంలో పదకొండు కృత్యాలున్నాయి. మెగ్నీషియం తీగను కాల్చడంతో మొదలై, రాగిపొడిని వేడిచేయడంతో ముగుస్తాయి. మధ్యలో సమీకరణాలు తుల్యం చేయడం, చర్యల రకాలు, తుప్పు పట్టడం, నూనె పదార్థాలు ముక్కిపోవడం వస్తాయి. పుస్తకం చక్కగానే ఉంది. కానీ ఉన్నది ఉన్నట్టు మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదువుకుంటూ పోతే అది పాఠం చెప్పడం కాదు, పుస్తకం చదవడం అవుతుంది.

పుస్తకంలోని పాఠాన్ని తరగతి గదిలో చెప్పే పాఠంగా ఎలా మార్చుకోవాలి? ఈరోజు ప్రసంగం దాని గురించే. చెప్పబోయే సంగతి ఒక్కటే, మూడు మాటల్లో పడుతుంది. ముందు ప్రశ్న, తర్వాత పని, ఆ తర్వాతే పేజీ. పీరియడ్ చివర పిల్లలు ఏ ప్రశ్నకు జవాబు చెప్పగలగాలో ముందు రాసుకోవాలి. ఆ జవాబు దగ్గరికి పిల్లల్ని తీసుకెళ్ళే పని ఏదో తర్వాత ఎంచుకోవాలి. పుస్తకంలో ఏ పేజీ తెరవాలన్నది ఆఖర్న తేల్చుకోవాలి. చాలామంది ప్రణాళికలు దీనికి తలకిందులుగా తయారవుతాయి. ముందు పేజీ పెట్టుకుంటారు, చివర్లో టైముంటే ప్రశ్న వేస్తారు. ఆ టైము ఎప్పుడూ ఉండదు.

దీన్ని పల్నాడులో దుర్గి మీద పెట్టి చూద్దాం. దుర్గి ఎందుకంటే, ఆ ఊరి బతుకులో సున్నపురాయి ఉంది. దుర్గి రాతి శిల్పాలకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అక్కడి శిల్పులు చెక్కేది మెత్తని సున్నపురాయిని. పక్కనే మాచర్లలో సిమెంటు తయారవుతుంది. అదే రైలు దారిలో పిడుగురాళ్ళ ఉంది, అక్కడ సున్నం బట్టీలున్నాయి. అంటే ఉలి కింద రాలే రాయి, బట్టీలో కాలే రాయి, సిమెంటుకు మూలమైన రాయి, అన్నిటిలోనూ ఉన్నది ముఖ్యంగా కాల్షియం కార్బొనేటే.

ఇప్పుడు పుస్తకంలో ఈ సున్నం సంగతి ఎక్కడుందో చూడండి. పొడి సున్నంలో నీళ్ళు పోస్తే వేడి పుట్టడం నాలుగో కృత్యం. అది రసాయన సంయోగం కింద ఉంది. దాని పక్కనే చిన్న పెట్టెలో వెల్ల వేసిన గోడ ఎందుకు మెరుస్తుందో నాలుగు మాటలున్నాయి. సున్నపురాయిని కాల్చి సున్నం చేయడం ఇంకాస్త ముందుకు పోయాక, రసాయన వియోగం కింద వస్తుంది. దానికి కృత్యం లేదు, ఒక సమీకరణం మాత్రం ఉంది. చర్యల రకాల ప్రకారం సర్దిన పుస్తకానికి ఆ వరస సరైనదే. దుర్గి పిల్లకు మాత్రం ఇవి మూడు వేరు సంగతులు కావు. ఒకే రాయి కథ. రాయి కాలి సున్నమవుతుంది. సున్నం నీళ్ళు తాగి తడి సున్నమవుతుంది. తడి సున్నం గోడకెక్కి గాలి తగిలి మళ్ళీ రాయవుతుంది. ఈ మూడింటినీ ఒకచోటికి చేర్చి మూడు పీరియడ్లు అల్లుకుంటే, పాఠంలో సగం సంగతులు వాటి వెంటే వచ్చేస్తాయి.

ఒక షరతు మాత్రం ఉంది. సమీకరణాలు తుల్యం చేయడం అంతకుముందే అయిపోవాలి. అది రాని పిల్లలకు ఈ మూడు పీరియడ్లూ వినోదంగా మిగిలిపోతాయి.

ఇప్పుడు మొదటి పీరియడ్. ముందు ప్రశ్న అన్నాం కదా. లక్ష్యం రాసేటప్పుడు మన ప్రణాళికల్లో ఒక మాట తరచు కనపడుతుంది. "విద్యార్థులు ఉష్ణమోచక చర్యను అవగాహన చేసుకుంటారు" అని. అవగాహన చేసుకున్నారో లేదో టీచరుకు ఎలా కనపడుతుంది? కనపడదు. కాబట్టి లక్ష్యం కంటికి కనపడే, చెవికి వినపడే పనిగా రాసుకోవాలి. "పొడి సున్నం, నీరు కలిసినప్పుడు జరిగే చర్యకు విద్యార్థి సమీకరణం రాస్తాడు, అది సంయోగమని కారణంతో చెబుతాడు." ఇది ఒకటి. "వేడి ఎక్కడి నుంచి వచ్చిందో చెబుతాడు." ఇది రెండోది. నలభై అయిదు నిమిషాలకు రెండు చాలు. అయిదు లక్ష్యాలు రాసిన కాగితం తనిఖీలో బాగుంటుంది, అంతే.

లక్ష్యం తేలింది కాబట్టి పని తేలుతుంది. వంద మిల్లీలీటర్ల నీళ్ళు, పది గ్రాముల పొడి సున్నం, ఒక థర్మామీటరు. పుస్తకంలో సున్నం మీద నీళ్ళు పోయమని ఉంటుంది. కొద్ది నీళ్ళు పెద్ద గడ్డ మీద పడితే అక్కడికక్కడే మరిగి చిమ్ముతుంది. అందుకని తరగతిలో నీళ్ళలోనే సున్నాన్ని చెంచాతో కొంచెం కొంచెంగా వేయడం మేలు. వేసేది టీచరే. కళ్ళద్దాలు, చేతి తొడుగులు ఉండాలి. పిల్లలు ఒక బారెడు దూరంలో ఉండాలి. కంట్లో పడితే ధారగా నీళ్ళతో కనీసం పావుగంట కడిగి, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. సున్నం కంటికి చేసే హాని చిన్నది కాదు.

బాగా కాలిన కొత్త సున్నమైతే ఈ కొలతకు నీళ్ళు ఇరవై డిగ్రీలకు పైగా వేడెక్కాలి. ఇక్కడే చాలా తరగతుల్లో ప్రయోగం దెబ్బతింటుంది. సున్నం వేస్తారు, కలుపుతారు, వేడి రాదు. పిల్లలు టీచరు మొహం చూస్తారు. కారణం సున్నం పాతబడటం. ప్రయోగశాల బీరువాలో మూత వదులైన డబ్బాలో ఏళ్ళ తరబడి ఉన్న సున్నం గాలిలోని తేమను, కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుని ఎప్పుడో మారిపోయి ఉంటుంది. గుర్తుపట్టడం తేలికే. కొత్త పొడి సున్నం గట్టి గడ్డలుగా ఉంటుంది. గడ్డలన్నీ విచ్చుకుని మెత్తని పిండిలా అయిపోతే అది ఇక పనికిరాదు. కాబట్టి ముందురోజు సాయంత్రం ఒక చెంచా వేసి చూసుకోవాలి. ప్రణాళికలో ఈ ఒక్క వాక్యం రాసుకోని వాళ్ళు మర్నాడు ఇబ్బంది పడతారు.

సున్నం నీళ్ళలో పడకముందే పిల్లల్ని ఒకమాట అడగాలి. "ఇప్పుడు ఏమవుతుంది? ఎందుకు?" జవాబు నోట్సులో రాయించాలి. ఊహ రాయకుండా చూసిన ప్రయోగం సినిమా చూసినట్టు ఉంటుంది. ఊహించి రాసినవాడికి తన ఊహ నిలిచిందా లేదా అన్న తపన ఉంటుంది.

నీళ్ళు వేడెక్కాక రెండో ప్రశ్న. ఈ వేడి ఎక్కడిది? పిల్లల దగ్గర మూడు రకాల జవాబులు వస్తాయి. బట్టీలో కాలినప్పుడు రాయిలో దాక్కున్న వేడి ఇప్పుడు బయటికొచ్చింది అని ఒకటి. సున్నానికి ఒరిపిడి తగిలి వేడెక్కింది అని ఇంకొకటి. రెండు పదార్థాలు కలిసి కొత్త పదార్థమైనప్పుడు వేడి పుట్టింది అని మూడోది. మొదటిది తప్పని కొట్టిపారేయకండి. బట్టీలో ఖర్చయిన వేడికీ దీనికీ నిజంగానే సంబంధం ఉంది. అయితే ఆ వేడి కుంపట్లో నిప్పులా రాయిలో నిలవ ఉండదు. సున్నం చల్లారి వారమైనా, గాలి తగలకుండా దాచితే నీళ్ళలో పడగానే వేడెక్కుతుంది. గది వేడికే ఉన్న గడ్డను పిల్లల చేత చూపుడు వేలితో, తొడుగు వేసి తాకించండి. ఆ ఒక్క స్పర్శతో మొదటి జవాబు దానంతట అదే సర్దుకుంటుంది.

ఇప్పుడు పేజీ తెరవచ్చు. సంయోగం, ఉష్ణమోచకం అన్న మాటలు ఇప్పుడు చెప్పాలి. చూసిన దానికి పేరు పెట్టడం పిల్లలకు తేలిక. పేరు ముందు చెప్పి దాని కోసం వెతకమనడం కష్టం.

రెండో పీరియడ్‌లో బట్టీ. దీనికి ప్రయోగం లేదు. సున్నపురాయి విడిపోవాలంటే దాదాపు తొమ్మిది వందల డిగ్రీల వేడి కావాలి. బడిలోని సారాదీపం మీద రాయిని ఎంతసేపు పెట్టినా అది వేడెక్కుతుంది కానీ సున్నం కాదు. ప్రయోగం చేయలేని చోట ఏం చేయాలి? లెక్క చేయించాలి. నూరు కిలోల స్వచ్ఛమైన సున్నపురాయిని పూర్తిగా కాలిస్తే యాభై ఆరు కిలోల సున్నం మిగులుతుంది. బోర్డు మీద ఈ రెండు అంకెలే రాయండి. నూరు, యాభై ఆరు. మిగతా నలభై నాలుగు కిలోలు ఏమయ్యాయి?

బట్టీల్లో పనిచేసేవాళ్ళ పిల్లలు తరగతిలో ఉంటే, కాలిన రాయి తేలికవుతుందని వాళ్ళే చెబుతారు. ఎందుకు తేలికయిందంటే మాత్రం చాలామంది "నీరు ఇగిరిపోయింది" అంటారు. ఇది మంచి తప్పు. ఎండబెడితే బరువు తగ్గడం రోజూ చూసే సంగతి కదా. అప్పుడు కాల్షియం కార్బొనేట్ సూత్రాన్ని బోర్డు మీద పెట్టి, ఇందులో నీరు ఎక్కడుందో చూపించమనాలి. లేదు. పోయింది కార్బన్ డయాక్సైడ్. నలభై నాలుగు కిలోల వాయువు కంటికి కనపడకుండా గాలిలో కలిసింది. అణుభారాలు కూడితే పిల్లలకు కూడా నూరు, యాభై ఆరు, నలభై నాలుగు వస్తాయి. ద్రవ్యం నశించదన్న సంగతి ఇక్కడ లెక్కలో దొరుకుతుంది.

ఇక ఈ పీరియడ్‌కు అసలు ప్రశ్న. "బట్టీలో సున్నపురాయి విడిపోవడం ఉష్ణమోచకమా, ఉష్ణగ్రాహకమా?" బట్టీ దగ్గర నిలబడితే ఒళ్ళు కాలుతుంది. కాబట్టి చాలామంది ఉష్ణమోచకం అనే అంటారు. అక్కడ రెండు చర్యలు జరుగుతున్నాయి. బొగ్గు మండటం ఒకటి, అది వేడిని ఇస్తుంది. రాయి విడిపోవడం ఇంకొకటి, అది వేడిని తీసుకుంటుంది. బొగ్గు ఆగితే రాయి విడిపోవడం ఆగుతుంది. ఈ రెంటినీ విడదీసి చెప్పగలిగిన పిల్లకు ఉష్ణగ్రాహక చర్య నిజంగా అర్థమైనట్టు. నిర్వచనం అప్పజెప్పినవాళ్ళలో చాలామంది ఇక్కడ ఆగిపోతారు. అందుకే నిర్వచనం అడగడం కంటే ఈ ప్రశ్న మేలు.

నలభై మంది ఉన్న తరగతిలో ఎవరికి వచ్చింది, ఎవరికి రాలేదు అన్నది ఎలా తెలుస్తుంది? "అర్థమైందా?" అని అడిగితే అందరూ "అయింది సార్" అంటారు. ముందు బెంచీలో ఉన్న ఒకరిని లేపితే ఆ ఒక్కరి సంగతే తెలుస్తుంది. దీనికొక పద్ధతి ఉంది. ప్రశ్నకు రెండో మూడో జవాబులు బోర్డు మీద రాయాలి. అందరూ కళ్ళు మూసుకుని, గుండెల దగ్గర వేళ్ళతో తమ జవాబు అంకె చూపించాలి. పక్కవాడిని చూసి ఎత్తే వేళ్ళు ఉండవు. టీచరు ఒక్క చూపులో లెక్క కట్టుకోవచ్చు.

ఆ లెక్కతో ఏం చేయాలన్నదే అసలు సంగతి. అమెరికాలో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రం చెప్పే ఎరిక్ మజూర్ అనే ఆచార్యుడు ఇలాంటి ప్రశ్నలతోనే పాఠం నడపడం 1990ల మొదట్లో ప్రారంభించాడు. ఆయన పద్ధతిలో రెండు గీతలున్నాయి. సరైన జవాబులు నూటికి ముప్ఫై లోపే ఉంటే పాఠం మళ్ళీ చెప్పాలి. ముప్ఫైకీ డెబ్బైకీ మధ్య ఉంటే టీచరు జవాబు చెప్పకూడదు. పక్కవాళ్ళతో వాదించుకోమని వదిలేసి, మళ్ళీ చేతులెత్తించాలి. డెబ్బై దాటితే రెండు ముక్కల్లో వివరించి ముందుకు పోవచ్చు. నలభై మంది తరగతిలో ఆ గీతలు పన్నెండు, ఇరవై ఎనిమిది దగ్గర పడతాయి. బట్టీ ప్రశ్నకు మధ్య భాగమే వచ్చే అవకాశం ఎక్కువ. ఒకడికి బట్టీ వేడి తెలుసు, ఇంకొకడికి బొగ్గు ఖర్చు తెలుసు. ఆ ఇద్దరూ మాట్లాడుకోవడం టీచరు మాట కంటే బాగా పనిచేస్తుంది.

ఈ మాట ఇంకోసారి. ముందు ప్రశ్న, తర్వాత పని, ఆ తర్వాతే పేజీ. బట్టీ ప్రశ్న ముందే రాసుకున్న టీచరు, బొగ్గు మండటాన్నీ రాయి విడిపోవడాన్నీ వేరు చేసి చెప్పడానికి పది నిమిషాలు అట్టేపెడుతుంది. రాసుకోని టీచరు ఆ పది నిమిషాలూ నిర్వచనాలు రాయించడానికి వాడుకుంటుంది.

మూడో పీరియడ్ గోడ. వెల్ల వేసిన గోడ ఎండింది. నీళ్ళు పోవడం తప్ప ఇంకేమైనా జరిగిందా? ఇదే చివర అడగాల్సిన ప్రశ్న. పుస్తకం ప్రకారం తడి సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌తో నెమ్మదిగా కలిసి, రెండు మూడు రోజుల్లో గోడ మీద కాల్షియం కార్బొనేట్ పల్చని పొరగా ఏర్పడుతుంది. ఇది పిల్లల చేత ఎలా చేయించాలి?

పని ఇలా నడుస్తుంది. మూడు పదార్థాలు కావాలి. శిల్పి పనిచేసే చోట రాలిన రాతి పెచ్చులు ఒకటి. ఆ ఉదయమే కలిపిన తడి సున్నం ముద్ద రెండు. ఎప్పుడో వెల్ల వేసిన గోడ నుంచి గీకిన పొర మూడు. మూడింటి మీదా విలీన హైడ్రోక్లోరిక్ ఆమ్లం రెండేసి చుక్కలు. రాతి పెచ్చు మీద బుసబుసమని బుడగలు వస్తాయి. తాజా తడి సున్నం మీద ఆమ్లం పడితే బుడగలు రావు. గోడ పొర మీద మళ్ళీ బుడగలు. అంటే గోడ మీద ఉన్నది ఇప్పుడు సున్నం కాదు, దుర్గి శిల్పి చెక్కే రాయి జాతి పదార్థమే. ఆమ్లాన్ని పొడి సున్నం గడ్డ మీద మాత్రం వేయకూడదు, విపరీతంగా వేడెక్కి చిమ్ముతుంది. గోడ మీద డిస్టెంపరో ఎమల్షనో వేసి ఉంటే ఫలితం నమ్మడానికి లేదు, సున్నం వేసిన పాత గోడే కావాలి.

రాతి పెచ్చుకు బదులు సుద్దముక్క వాడే అలవాటు కొందరికి ఉంది. పుస్తకాల్లో సుద్ద అంటే కాల్షియం కార్బొనేట్ అని ఉంటుంది కదా అని. బోర్డు మీద రాసే సుద్దముక్కలు చాలావరకు జిప్సంతో చేసినవి. జిప్సం కాల్షియం సల్ఫేటు. దాని మీద ఆమ్లం వేస్తే బుడగలు రావు. పిల్లలకు తప్పు పాఠం అందుతుంది.

దీనితోపాటు సున్నపు తేటలోకి గొట్టంతో ఊదించవచ్చు. తడి సున్నాన్ని రాత్రంతా తేరనిచ్చి పైన తేట మాత్రమే వంచుకోవాలి. లీటరు నీటిలో రెండు గ్రాముల సున్నం కూడా కరగదు, కాబట్టి చెంచాడు సున్నం చాలు. ఊదితే తేట పాలలా తెల్లబడుతుంది. ఇంకా ఊదుతూ పోతే మళ్ళీ తేటపడుతుంది. ఆ రెండో మార్పుకు బైకార్బొనేట్ కారణం. అది ఈ పీరియడ్‌కు అక్కర్లేదు. పిల్లవాడు అడిగితే చెప్పండి, అడగకపోతే వదిలేయండి. పిల్లలు పొరపాటున పీల్చకుండా చూడాలి. ఊదడమే, పీల్చడం లేదు.

ఇప్పుడొక చిక్కు. తడి సున్నం, కార్బన్ డయాక్సైడ్ కలిసి కాల్షియం కార్బొనేట్, నీరు అవుతాయి. ఇది ఏ రకం చర్య? రెండు పదార్థాలు కలిశాయి కాబట్టి సంయోగం అంటారు పిల్లలు. సంయోగంలో ఏర్పడేది ఒకే పదార్థం. ఇక్కడ రెండు ఏర్పడ్డాయి. పుస్తకం కూడా దీనికి రకం పేరు పెట్టలేదు. టీచరు కూడా బలవంతంగా ఒక పేరు తగిలించనక్కర్లేదు. చర్యలన్నీ నాలుగు గదుల్లో ఒదగవని ఈ ఒక్క ఉదాహరణ చెబుతుంది. పరీక్షలకు చదివే పిల్లలకు ఇది కాస్త ఇబ్బందిగా ఉన్నా, సైన్సు అలాగే ఉంటుంది.

ఈ మూడు పీరియడ్లతో పాఠం పూర్తయిపోదు. స్థానభ్రంశం, ద్వంద్వ వియోగం, ఆక్సీకరణం, తుప్పు, ముక్కిపోవడం మిగిలే ఉన్నాయి. వాటిని సున్నానికి ముడిపెట్టాలని చూడకండి. ఇనుప మేకును కాపర్ సల్ఫేట్ ద్రావణంలో వేసే కృత్యం తనంతట తాను చక్కగా నడుస్తుంది. ఊరికి కలిసొచ్చే చోట ఊరిని వాడుకోవాలి, లేని చోట పుస్తకాన్నే నమ్ముకోవాలి. ఏలూరులోనో అనంతపురంలోనో ఉన్న టీచరు సున్నం బట్టీ కోసం వెతకనక్కర్లేదు. ప్రతి ఊళ్ళోనూ పాఠంలో ఒక భాగానికి సరిపడే పని ఏదో జరుగుతూనే ఉంటుంది.

ప్రణాళిక కాగితం గురించి ఒక్క మాట. మన బడుల్లో వాడే ప్రణాళిక నమూనాలో టీచరు చేసి చూపించేది, గుంపులుగా చేసేది, ఎవరికి వారు చేసేది అని విడివిడిగా గడులుంటాయి. అవగాహన సరిచూసే ప్రశ్నలకు కూడా గడి ఉంది. చాలా కాగితాల్లో ఆ ఆఖరి గడిలో పాఠం వెనక అభ్యాసంలోని ప్రశ్నలే ఎత్తిరాసి ఉంటాయి. రాయడం మొదలుపెట్టాల్సింది ఆ గడి నుంచే. అక్కడ ఒకే ఒక ప్రశ్న రాయండి. దాని పక్కన, పిల్లలు చెప్పగల తప్పు జవాబులు రెండు రాయండి. ఏ తప్పు వస్తే ఏం చేస్తారో ఒక ముక్క రాసుకోండి. మిగతా గడులు ఆ ప్రశ్నను బట్టి నిండుతాయి.

ఈ పాఠం చెప్పబోతున్న టీచర్లు పొడి సున్నాన్ని ఆ వారమే కొత్తగా తెచ్చుకోండి. గాలి చొరని సీసాలో బిగించండి. ముందురోజు ఒక చెంచా పరీక్షించి చూసుకోండి. రాతి పెచ్చుల కోసం దగ్గర్లోని శిల్పుల్ని అడగండి. వాళ్ళు పనిచేసే చోట అవి గుట్టలుగా పడి ఉంటాయి. వీలైతే పిల్లలతో కలిసే వెళ్ళండి.